రోహు మేత తయారీ, ఎఫ్‌సీఆర్ లెక్క: మత్స్య విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మేత అనగానే అందరికీ రొయ్యల మేతే గుర్తొస్తుంది. మంచినీటి చెరువులో రోహు, బొచ్చె పెంచే పద్ధతి వేరు, మేత లెక్కలూ వేరు. ఈ పేజీ మొత్తానికీ ఉదాహరణగా ఒకే చెరువును తీసుకున్నాం: కోవూరు వైపు రెండెకరాలు, ఎక్కువ భాగం రోహు, కొద్దిగా బొచ్చె. చెరువూ, అంకెలూ లెక్క నేర్పడానికి అనుకున్నవే. ధరలు కూడా అంతే. మీ ఊళ్లో ఈ వారం ధరలు వేసుకుని మళ్లీ లెక్కకట్టండి.

ఎఫ్‌సీఆర్ అంటే వేసిన మేతను పట్టిన చేపలతో భాగించడమేనా?

కాదు. పరీక్ష పేపర్లలో ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. ఎఫ్‌సీఆర్ అంటే చేప ఒక కిలో పెరగడానికి ఎన్ని కిలోల మేత పట్టిందో చెప్పే అంకె, కాబట్టి వేసిన మేతను పెరిగిన బరువుతో భాగించాలి. పెరిగిన బరువు అంటే పట్టుబడి బరువులోంచి వదిలిన పిల్ల బరువు తీసేయగా మిగిలింది.

మన ఉదాహరణ చెరువులో 4,000 రోహు పిల్లలు వదిలారు, ఒక్కొక్కటి సగటున 100 గ్రాములు. 400 బొచ్చె పిల్లలు, ఒక్కొక్కటి 200 గ్రాములు. అంటే రోహు 400 కిలోలు, బొచ్చె 80 కిలోలు, మొత్తం 480 కిలోలు నీళ్లలోకి వెళ్లాయి. ఎనిమిది నెలల తర్వాత 3,600 రోహులు సగటున 900 గ్రాముల చొప్పున 3,240 కిలోలు, 380 బొచ్చెలు సగటున కిలోన్నర చొప్పున 570 కిలోలు వచ్చాయి. మొత్తం 3,810 కిలోలు. ఈ ఎనిమిది నెలల్లో వేసిన గుళికల మేత 6,000 కిలోలు.

పెరిగిన బరువు = 3,810 − 480 = 3,330 కిలోలు
ఎఫ్‌సీఆర్ = 6,000 ÷ 3,330 = 1.80

పిల్ల బరువు తీసేయడం మరిచిపోతే 6,000 ÷ 3,810 = 1.57 వస్తుంది. మేత ఎంత బాగా పనిచేసిందో అని మురిసిపోతారు గానీ, అందులో కొంత బరువు పిల్లలు అమ్మినవాడి చెరువులో పెరిగింది. చిటికెన వేలంత పిల్లను వదిలితే ఈ పొరపాటు పెద్దగా తేడా తేదు. మన దగ్గర ఏడాది పాటు కుదించి పెంచిన పెద్ద పిల్లను వదలడం మామూలు. అక్కడే తేడా ఇంతగా కనిపిస్తుంది.

చచ్చిపోయిన చేపల సంగతేంటి? అవి కూడా మేత తిన్నాయి కదా?

తిన్నాయి. అందుకే రెండు ఎఫ్‌సీఆర్‌లు చెప్పుకుంటాం. పైన వచ్చిన 1.80 రైతుకు కావలసిన లెక్క, దాన్ని ఆర్థిక ఎఫ్‌సీఆర్ అంటారు. చచ్చిన చేప అతని చేతికి రాదు కాబట్టి దానికి వేసిన మేత నష్టమే. మేత నాణ్యతను మాత్రమే తూచాలంటే చచ్చిన చేపల బరువును కూడా పెరుగుదలలో కలపాలి. ఈ చెరువులో పోయిన 400 రోహులు, 20 బొచ్చెలు చచ్చేనాటికి మొత్తం 130 కిలోలు ఉన్నాయనుకుందాం. అప్పుడు 6,000 ÷ (3,330 + 130) = 1.73. దీన్ని జీవ ఎఫ్‌సీఆర్ అంటారు.

ఈ రెండింటి మధ్య దూరం తక్కువగా ఉంటే తప్పు మేతలోనో మేపడంలోనో వెతకాలి. దూరం ఎక్కువగా ఉంటే ముందు చూడాల్సింది రోగం, ఆక్సిజన్, పక్షులు, దొంగతనం. మేత కంపెనీని తిట్టే ముందు ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసుకోవడం మంచిది.

ఒక కిలో మేతకు దాదాపు ఒక కిలో చేప వస్తుందని కొన్ని చోట్ల చదివాం. ఎలా సాధ్యం?

మేతలో తేమ పదో వంతు, చేపలో దాదాపు ముప్పావు వంతు నీళ్లు. అందుకే తడి చేప బరువుతో పోల్చినప్పుడు అంకె చిన్నగా కనిపిస్తుంది. పొడి పదార్థంతో లెక్కేస్తే మన 1.80 ఎంతవుతుందో చూడండి: 1.80 కిలోల మేతలో పొడి పదార్థం 1.62 కిలోలు, కిలో చేపలో పొడి పదార్థం సుమారు పావు కిలో. 1.62 ÷ 0.25 అంటే దాదాపు 6.5. పైగా రోహు, బొచ్చె చెరువులో పుట్టే ప్లవకాలను కూడా తింటాయి. ఆ తిండి ఏ బస్తాలోనూ తూకానికి రాదు, పెరుగుదలలో మాత్రం కనిపిస్తుంది. అందుకే పచ్చగా పండిన చెరువు ఎఫ్‌సీఆర్‌ను సిమెంటు తొట్టి ఎఫ్‌సీఆర్‌తో పోల్చకూడదు.

రోహు మేతలో ఎంత ప్రోటీన్ పెట్టాలి?

చిరు పిల్లలకు 35 నుంచి 40 శాతం, వేలెడంత పిల్లలకు 30 నుంచి 35, వంద గ్రాములు దాటి అమ్మకానికి పెరిగే చేపకు 25 నుంచి 28 శాతం. చెరువులో సహజాహారం బాగా ఉంటే 25 దగ్గర ఆగినా పరవాలేదు. ఇక్కడి లెక్కకు 26 శాతం తీసుకుందాం.

పియర్సన్ చతురస్రం ఎలా వేయాలి?

కావలసిన ప్రోటీన్ శాతం రావడానికి సరుకులను ఏ పాళ్లలో కలపాలో తేల్చే పద్ధతి ఇది. ముందు రెండే సరుకులతో వేద్దాం. నూనె తీసిన తవుడు, అంటే రైతులు డీఓబీ అనేది, 15 శాతం ప్రోటీన్. వేరుశనగ చెక్క 43 శాతం. కావలసింది 25 శాతం.

చతురస్రం మధ్యలో 25 రాసి, ఎడమ వైపు పైన 15, కింద 43 రాయండి. మూలగా తీసివేస్తూ పోవాలి. 43 లోంచి 25 పోతే 18, ఇది తవుడు పాళ్లు. 25 లోంచి 15 పోతే 10, ఇది చెక్క పాళ్లు. మొత్తం 28 పాళ్లు. తవుడు 18/28, అంటే 64.3 శాతం; చెక్క 10/28, అంటే 35.7 శాతం. సరిచూసుకుంటే 9.64 + 15.36 = 25.0.

కావలసిన అంకె రెండు సరుకుల అంకెల మధ్య లేకపోతే ఈ పద్ధతి చెల్లదు. తవుడూ మొక్కజొన్నా పెట్టి 25 తెద్దామంటే చతురస్రం ఏదో ఒక సమాధానం ఇస్తుంది గానీ అది అర్థం లేని సమాధానం.

ఖనిజ మిశ్రమం, విటమిన్లు, నూనె కూడా వేయాలి కదా. వాటిని చతురస్రంలో ఎక్కడ పెట్టాలి?

చతురస్రం బయట. వాటిని ముందే పక్కన పెట్టి, మిగిలిన చోటుకు మాత్రమే చతురస్రం వేయాలి. వంద కిలోల మేతకు పక్కన పెట్టినవి ఇవి:

- చేపల పొడి 5 కిలోలు (55 శాతం ప్రోటీన్, 2.75 కిలోలు ఇస్తుంది)
- అంటుకోవడానికి మైదా 5 కిలోలు (10 శాతం, 0.5 కిలో ఇస్తుంది)
- నూనె 2 కిలోలు
- ఖనిజ మిశ్రమం కిలోన్నర, ఉప్పు కిలో, విటమిన్ మిశ్రమం అర కిలో

మొత్తం 15 కిలోలు. వీటి నుంచి వచ్చే ప్రోటీన్ 3.25 కిలోలు. వంద కిలోల మేతకు కావలసింది 26 కిలోలు కనుక, ఇంకా 22.75 కిలోల ప్రోటీన్ మిగిలిన 85 కిలోల నుంచి రావాలి. 22.75 ÷ 85 = 26.76 శాతం. చతురస్రం మధ్యలో రాయాల్సింది ఈ 26.76. చాలామంది అక్కడ 26 రాసేస్తారు, తుది మేతలో ప్రోటీన్ తక్కువ వచ్చి ఎందుకు తగ్గిందో తేలక తికమక పడతారు.

ఒక వైపు డీఓబీ 15. రెండో వైపు వేరుశనగ చెక్క (43), సోయా చెక్క (45) సగం సగం కలిపిన మిశ్రమం, అంటే 44. తవుడు పాళ్లు 44 − 26.76 = 17.24. చెక్కల పాళ్లు 26.76 − 15 = 11.76. మొత్తం 29. ఎనభై ఐదు కిలోల్లో తవుడు 50.5 కిలోలు, చెక్కలు 34.5 కిలోలు. ఒక్కో చెక్క 17.25 కిలోలు.

రెండు చెక్కలు ఎందుకని అడగవచ్చు. వేరుశనగ చెక్కలో లైసిన్, మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాలు రెండూ తక్కువ. సోయాలో లైసిన్ బాగుంటుంది. మెథియోనిన్ మాత్రం రెండింటిలోనూ వెలితే, ఆ కొరతను చేపల పొడి కొంత తీరుస్తుంది. నువ్వుల చెక్క చవకగా దొరికిన రోజుల్లో కొద్దిగా వేసినా మెథియోనిన్ పెరుగుతుంది. ప్రోటీన్ అంకె ఒకటే అయినా ఒక్క చెక్క మీదే నిలబెట్టిన మేత, కలగలిపిన మేత ఒకేలా పెంచవు.

ఖనిజ మిశ్రమం విషయంలో ఒక మాట. రోహుకు కడుపు లేదు, అందువల్ల ఆమ్లం ఊరదు. తవుడులోని భాస్వరంలో ఎక్కువ భాగం ఫైటేట్ రూపంలో బిగుసుకుని ఉంటుంది, అది చేపకు అందదు. బయటి నుంచి ఇచ్చే భాస్వరం కూడా నీటిలో సులువుగా కరిగే మోనోకాల్షియం ఫాస్ఫేట్ అయితేనే బాగా వంటబడుతుంది. పశువుల మేతకు వాడే డైకాల్షియం ఫాస్ఫేట్ అంతగా పనికిరాదు. చవకని పశువుల ఖనిజ మిశ్రమం తెచ్చి వేసేవాళ్లు ఇది చూసుకోవాలి.

అయితే ఫార్ములా సిద్ధమైనట్టేనా?

ఇంకా కాలేదు. చతురస్రానికి ప్రోటీన్ ఒక్కటే కనిపిస్తుంది. పీచు కనిపించదు, శక్తి కనిపించదు. పై ఫార్ములాలో పీచు కట్టి చూడండి. డీఓబీలో 14 శాతం అనుకుంటే 50.5 కిలోల నుంచి 7.07 కిలోలు. వేరుశనగ చెక్కలో 8 శాతం చొప్పున 1.38, సోయాలో 6 శాతం చొప్పున 1.03. మొత్తం దాదాపు 9.5 శాతం. రోహు మేతలో 8 దాటకుండా చూసుకోవడం మంచిది. పీచు ఎక్కువైతే మేత పేగులోంచి త్వరగా జారిపోతుంది, గుళిక కూడా సరిగా అతుక్కోదు. దానికి తోడు నూనె తీసేసిన తవుడులో శక్తి తక్కువ. శక్తి చాలకపోతే చేప ఖరీదైన ప్రోటీన్‌నే కాల్చుకుంటుంది.

దిద్దుబాటు ఇలా. పదిహేను కిలోల తవుడు తీసి అంత మొక్కజొన్న పిండి వేద్దాం. మొక్కజొన్న 9 శాతం, తవుడు 15 శాతం కనుక 0.9 కిలో ప్రోటీన్ తగ్గుతుంది. దాన్ని పూడ్చడానికి ఇంకో మూడు కిలోల తవుడు తీసి చెక్కలు వేయాలి. ఒక్కో కిలో మార్పుకు 0.29 కిలో ప్రోటీన్ పెరుగుతుంది. చివరికి వంద కిలోల మేత:

- డీఓబీ 32.5 కిలోలు
- మొక్కజొన్న పిండి 15 కిలోలు
- వేరుశనగ చెక్క 18.75 కిలోలు
- సోయా చెక్క 18.75 కిలోలు
- పక్కన పెట్టిన సరుకులు 15 కిలోలు

ప్రోటీన్ 4.88 + 1.35 + 8.06 + 8.44 + 3.25 = 25.98. పీచు దాదాపు 7.6. ఇప్పుడు పనికొస్తుంది. మొక్కజొన్న ధర మండుతుంటే నూకలు వాడొచ్చు, అప్పుడు ప్రోటీన్ మళ్లీ కట్టుకోవాలి.

ల్యాబ్ రిపోర్టులో వేరుశనగ చెక్క 46.7 శాతం అని వచ్చింది. పుస్తకంలో 43 ఉంది. ఏది వాడాలి?

రిపోర్టు కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చదవండి. పొడి పదార్థం లెక్కన ఇచ్చారేమో చూడాలి. తేమ 8 శాతం ఉన్న చెక్కలో 46.7 × 0.92 = 43.0. రెండూ ఒకటే చెక్క. బస్తాలోంచి తూచి వేసేది తేమతో ఉన్న సరుకు కనుక లెక్కలో 43 వాడాలి. ఒక సరుకుకు పొడి అంకె, ఇంకోదానికి తడి అంకె కలిపి వేస్తే ఫార్ములా మొత్తం తప్పుతుంది.

ప్రోటీన్ శాతం బాగానే వచ్చినా చేప పెరగడం లేదు. కల్తీ అయి ఉంటుందా?

అవకాశం ఉంది. ల్యాబ్‌లో ప్రోటీన్ శాతం తేల్చడానికి వాడే కెల్డాల్ పద్ధతి నేరుగా ప్రోటీన్‌ను కొలవదు. నత్రజనిని కొలిచి 6.25 తో హెచ్చవేస్తుంది. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది, అంటే రిపోర్టులో అది 287 శాతం ప్రోటీన్‌లా కనిపిస్తుంది. వంద కిలోల చెక్కలో ఒక్క కిలో యూరియా కలిస్తే ప్రోటీన్ అంకె దాదాపు రెండున్నర శాతం పైకి లేస్తుంది. నెమరువేసే పశువు కడుపులోని సూక్ష్మజీవులు యూరియాను కొంత వాడుకోగలవు, చేప అసలు వాడుకోలేదు. అనుమానం వస్తే ల్యాబ్‌లో యూరియా పరీక్ష విడిగా అడగాలి, లేదా నిజ ప్రోటీన్ అడగాలి.

తవుడులో కల్తీ వేరే రకం. మెత్తగా ఆడించిన ఊక కలుపుతారు. ఊకలో సిలికా ఎక్కువ కనుక ఆమ్లంలో కరగని బూడిద పరీక్షలో బయటపడుతుంది. పీచు శాతం కూడా మామూలు కన్నా పైకి పోతుంది. ఫార్ములా 14 శాతం పీచుతో కట్టి 20 శాతం పీచున్న తవుడు వేస్తే, పై లెక్క అంతా కాగితం మీదే మిగులుతుంది.

కళాశాల ల్యాబ్‌లో పది కిలోల మేత చేయాలి. ఏ వరసలో చేయాలి?

సరుకులన్నీ విడివిడిగా ఆడించి అర మిల్లీమీటరు జల్లెడ పట్టండి. మొరుసు ముక్కలున్న చోటే గుళిక నీళ్లలో పగులుతుంది. తూచాక పెద్ద సరుకులు కలపండి. విటమిన్ మిశ్రమం పది కిలోలకు 50 గ్రాములే. దాన్ని నేరుగా కుప్పలో చల్లితే ఒక గుళికలో అంతా ఉంటుంది, పది గుళికల్లో ఏమీ ఉండదు. అందుకే కొద్దిగా మొక్కజొన్న పిండి వేరుగా తీసిపెట్టి, విటమిన్లను ముందు అందులో కలిపి ఉంచుకోవాలి.

విటమిన్లూ, నూనే, ఆ వేరు తీసిన పిండీ తప్ప మిగతాదంతా కిలోకు 350 నుంచి 400 మిల్లీలీటర్ల నీళ్లతో ముద్ద చేసి, పదిహేను ఇరవై నిమిషాలు ఆవిరి మీద ఉడికించాలి. ఉడికితేనే మైదాలోని పిండిపదార్థం జిగురై గుళికను పట్టి ఉంచుతుంది. చల్లారాక నూనె, విటమిన్ పిండి కలిపి పిసకండి. వేడి మీద కలిపితే విటమిన్ సి చాలావరకు పోతుంది. మూడు మిల్లీమీటర్ల బిళ్ల పెట్టిన జంతికల గొట్టంలోనో చిన్న మిషన్‌లోనో ఒత్తి, నీడన లేదా 50 నుంచి 60 డిగ్రీల ఓవెన్‌లో తేమ 10 శాతం లోపుకు వచ్చేదాకా ఆరబెట్టాలి. ఎండలో ఆరబెడితే తొందరగా అవుతుంది గానీ విటమిన్లు దెబ్బతింటాయి.

గుళిక నిలకడ చూడటానికి, రంధ్రాలు గుళిక కన్నా చిన్నగా ఉన్న జల్లెడలో పది గ్రాములు వేసి అరగంట నీళ్లలో ఉంచండి. మిగిలింది ఆరబెట్టి తూచండి. మొదటి గుళికలో తేమ 9 శాతమైతే మొదటి పొడి బరువు 9.1 గ్రాములు. చివర 8.2 మిగిలితే 90 శాతం నిలిచినట్టు, ఇది బాగున్నట్టే. ఇక్కడ కూడా తడి బరువును పొడి బరువుతో పోల్చకండి.

మేత ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది?

మన జిల్లాల్లో వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. మేత గోదాముకు అసలు పరీక్ష అప్పుడే. తేమ 12, 13 శాతం దాటితే బూజు మొదలవుతుంది. వేరుశనగ చెక్క మీద పెరిగే ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు అఫ్లాటాక్సిన్‌ను పుట్టిస్తుంది. బూజును ఎండబెట్టి దులిపేస్తే విషం పోదు, ఉడికించినా పెద్దగా పోదు. చేప వెంటనే చావకపోవచ్చు. కాలేయం పాలిపోతుంది, తిండి తగ్గుతుంది, ఎఫ్‌సీఆర్ మెల్లగా పైకి పాకుతుంది. కారణం ఎవరికీ తోచదు.

బస్తాలను నేల మీద కాకుండా చెక్క పలకల మీద, గోడకు ఆనించకుండా పేర్చండి. సంచి మధ్యలో చేయి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే లోపల బూజు పని మొదలైనట్టే. ఇంట్లో చేసిన మేతను నెలలో ముగించుకునేంత మాత్రమే చేసుకోవాలి.

పంట మధ్యలో నెలనెలా ఎఫ్‌సీఆర్ కడితే ఒక నెల 1.1, తర్వాతి నెల 4.6 వస్తోంది. మేతలో లోపమా?

దాదాపు ఎప్పుడూ శాంపిలింగ్ లోపమే. ఒకసారి దగ్గరగా చూద్దాం. లెక్క తేలిక కోసం బొచ్చెలను పక్కన పెట్టి, చెరువులో 3,700 రోహులు ఉన్నాయనుకుందాం. రోజూ వేసే మేత చేపల బరువులో 2 శాతం.

నెల మొదట్లో చేప సగటు 300 గ్రాములు. మొత్తం 1,110 కిలోలు, రోజుకు 22.2 కిలోల మేత, నెలకు 666 కిలోలు. నెలాఖరుకు నిజంగా 400 గ్రాములకు వచ్చింది. పెరుగుదల 370 కిలోలు, నిజమైన ఎఫ్‌సీఆర్ 1.80. శాంపిల్ కోసం మాత్రం మేత వేసే చోటనే విసురు వల వేశారు. అక్కడికి ముందు వచ్చేది బలమైన చేప. సగటు 460 గ్రాములు తేలింది. ఆ లెక్కన పెరుగుదల 592 కిలోలు, ఎఫ్‌సీఆర్ 1.13. అందరూ సంతోషించారు.

రెండో నెల 460 గ్రాముల లెక్కన మేత పెంచారు. రోజుకు 34 కిలోలు, నెలకు 1,021. నిజానికి వేయాల్సింది 888. అదనంగా పడిన 133 కిలోలు చాలావరకు అడుగున చేరాయి. చేప నిజంగా 400 నుంచి 520 గ్రాములకు పెరిగింది, 444 కిలోలు. ఈసారి లాగుడు వల వేసి సరిగా తూచారు, 520 అని తేలింది. కాగితం మీద మాత్రం 460 నుంచి 520, అంటే 222 కిలోలే. ఎఫ్‌సీఆర్ 4.6. నిజమైనది 2.30.

ఇందులో రెండు విషయాలు గమనించాలి. ఒకటి, ఒక నెల అతిగా బాగుండి మరుసటి నెల అతిగా పాడైతే, రెండు నెలలనూ కలిపి కట్టండి: 1,687 ÷ 814 = 2.07. నమ్మదగిన అంకె అదే. రెండు, శాంపిల్ తప్పు కాగితంతో ఆగలేదు. నిజమైన ఎఫ్‌సీఆర్‌ను కూడా 2.0 నుంచి 2.3కు పెంచింది.

శాంపిల్‌కు మేత వేయక ముందు పొద్దున్నే, చెరువులో రెండు మూడు చోట్ల లాగుడు వల తీసి, పడినవాటిలో ఏరకుండా కనీసం 50 నుంచి 100 చేపలను తూచాలి. పెద్దవి చూసి ముచ్చటపడి బుట్టలో వేసుకునే అలవాటు మానుకోవాలి.

రోజుకు ఎంత మేత వేయాలి? ఎప్పుడు ఆపాలి?

వంద నుంచి మూడు వందల గ్రాముల చేపకు శరీర బరువులో 3 శాతం దగ్గర మొదలుపెట్టి దించుకుంటూ రండి. మూడు వందలు దాటితే 2 శాతం, ఆరు వందలు దాటితే ఒకటిన్నర. ఇవి మొదటి అంకెలే, చివరి మాట చేపది. తవుడు, చెక్క సంచుల్లో కట్టి మేపేటప్పుడు అడుగున చిల్లులు పెట్టిన సంచులను తాడుకో గెడకో వేలాడదీస్తారు, రోహు వాటిని పొడుచుకుని తింటుంది. రెండు గంటలకు సంచి ఖాళీ కాకపోతే మరుసటి రోజు తగ్గించాలి. తేలే గుళికలైతే ఇరవై నిమిషాలకు నీటి మీద మిగిలింది చూడండి. రొయ్యల చెరువులో వాడే చెక్ ట్రే అలవాటున్నవాళ్లు మునిగే గుళికకు అదే పద్ధతి వాడుకోవచ్చు.

తెల్లవారుజామున ఆక్సిజన్ లీటరుకు 3 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఆ పూట మేత వద్దు. మబ్బు పట్టిన రోజుల్లో సగానికి దించండి. ఎండ పడి ఆక్సిజన్ లేచాక, తొమ్మిది పది గంటలకు వేసిన మేత బాగా అరుగుతుంది. డిసెంబరు, జనవరి చలి పొద్దుల్లో చేప మందగిస్తుంది. అప్పుడు కూడా పట్టికలో ఉన్నంతా వేసేవారి ఎఫ్‌సీఆర్ ఆ రెండు నెలల్లోనే పాడవుతుంది.

ఎఫ్‌సీఆర్ తక్కువున్న మేతే కొనాలా?

తక్కువ ఎఫ్‌సీఆర్ అంటే తక్కువ ఖర్చు అని కాదు. కిలో చేపకు మేత ఖర్చు అంటే ఎఫ్‌సీఆర్‌ను కిలో మేత ధరతో హెచ్చవేయడం. డీఓబీ, చెక్క కలిపిన పొడి మేత కిలో 22 రూపాయలు, ఎఫ్‌సీఆర్ 3.2 అనుకుందాం. కిలో చేపకు 70.40. గుళికల మేత కిలో 40 రూపాయలు, ఎఫ్‌సీఆర్ 1.80 అయితే 72 రూపాయలు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. గుళికలు గిట్టాలంటే ఎఫ్‌సీఆర్ 70.40 ÷ 40, అంటే 1.76 కన్నా కిందికి రావాలి.

అయితే ఈ లెక్కలో పంటకాలం లేదు. గుళికలతో చేప నెల ముందే తూకానికి వస్తే ఆ నెల లీజు, కూలి, కరెంటు మిగులుతాయి. పొడి మేతలో నీళ్లలో కరిగిపోయేది ఎక్కువ కనుక అడుగు బురదా పెరుగుతుంది. ధర, ఎఫ్‌సీఆర్ రెండింటినీ హెచ్చవేసి చూడకుండా ఏ మేత మంచిదో తేల్చడం కుదరదు.

చేపగా మారని మేత ఎక్కడికి పోతుంది?

మన చెరువులోనే చూడండి. 6,000 కిలోల మేతలో 26 శాతం చొప్పున 1,560 కిలోల ప్రోటీన్, దాన్ని 6.25 తో భాగిస్తే 250 కిలోల నత్రజని. పెరిగిన 3,330 కిలోల చేపలో 16 శాతం ప్రోటీన్ అనుకుంటే 533 కిలోలు, అంటే 85 కిలోల నత్రజని. మూడో వంతుకు కాస్త పైన చేపలో చేరింది. మిగిలిన 165 కిలోలు రెండెకరాల నీళ్లలోకి, బురదలోకి వెళ్లాయి. కొంత మొప్పల నుంచి అమ్మోనియాగా, కొంత పెంటగా, కొంత తినకుండా వదిలేసిన మేతగా.

ఈ అమ్మోనియాను నాచు వాడుకుంటే నీళ్లు పచ్చబడతాయి, బొచ్చె దాని వల్ల కొంత లాభపడుతుంది. నాచు మితిమీరితే రాత్రిళ్లు ఆక్సిజన్ పడిపోతుంది, పొద్దున్నే చేప నీటి పైకి వచ్చి నోరు తెరుస్తుంది, మేత తినదు. ఆ రోజు పట్టిక ప్రకారం పడిన మేత మళ్లీ నాచుకే ఎరువవుతుంది. వరసగా మూడు నాలుగు రోజులు చేప పొద్దున్నే పైకి తేలుతుంటే ఏరియేటర్ గంటలు పెంచడం ఒక్కటే చాలదు. మేతను సగానికి కోసి, వారం తర్వాత లాగుడు వల వేసి తూచి, కొత్త బరువు మీద మళ్లీ మొదలుపెట్టండి.